బ్రాకెట్టు లేని వాక్యం

మేడమ్ నా అసైన్‌మెంటును నా చేతికి ఇవ్వలేదు. బల్ల మీద నావైపు తిప్పి పెట్టి, మొదటి పేజీ మీద వేలు ఆనించి ఉంచారు. ఇరవై రెండు పేజీలు. గీతల కాగితం మీద గుండ్రటి అక్షరాలతో, ఒక్క కొట్టివేత లేకుండా రాశాను. ఇప్పుడు అంచుల నిండా ఎర్ర పెన్సిలు నిలువు గీతలు. కొన్ని పేరా పొడుగు. ఒకచోట పేజీ పైనుంచి కిందిదాకా ఒకటే గీత.

"ఇవన్నీ ఎవరివి?" అన్నారు.

"నేను రాసినవే మేడమ్."

"రాసింది మీరేలేమ్మా, చేతిరాత కనబడతా ఉందిగా. ఆలోచన ఎవరిది అంటున్నా."

ఎనభైల నడుమ మాట ఇది. తిరుపతి యూనివర్సిటీలో ఎం.ఏ. సైకాలజీ రెండో సంవత్సరం చదువుతున్నాను. నాకు ముప్పై ఎనిమిదేళ్ళు. క్లాసులో మిగతావాళ్ళకు ఇరవై ఒకటి, ఇరవై రెండు. మేడమ్ కూడా నాకంటే నాలుగైదేళ్ళు చిన్నే. నేను పనిచేసే స్త్రీ సంక్షేమ సంస్థ వాళ్ళు రెండేళ్ళు సెలవిచ్చి పంపారు. పాసై వెళితే బాలవాడీల మీద పర్యవేక్షకురాలిగా వేస్తామన్నారు. పరీక్ష తప్పితే మళ్ళీ సెలవు ఉండదని కాగితం మీదే రాసిచ్చారు. మేడమ్ చెప్పే పేపరుకు ఒక అసైన్‌మెంటు రాయాలి, మేడమ్ అంగీకరించి సంతకం పెట్టాలి, తర్వాత క్లాసు ముందు చదవాలి. సంతకం లేకపోతే పరీక్షకు కూర్చోనివ్వరు. ఆ గదిలో నిలబడి నేను చూస్తున్నది ఎర్ర గీతలను కాదు, సంతకం ఉండవలసిన ఖాళీ చోటును.

మా విభాగంలో తెలుగులో రాయడానికి అనుమతి ఉండేది. ఆ సంవత్సరం తెలుగులో రాసింది నేనొక్కదాన్నే. పుస్తకాలన్నీ ఇంగ్లీషువి. పక్కన నిఘంటువు పెట్టుకుని ఒక్కో పేజీ చదివి, అర్థమైన దాన్ని తెలుగులోకి మార్చి నోట్సులో రాసుకునేదాన్ని. పెద్దవయసులో చదువు నేర్చుకునేవాళ్ళ భయాలు, జ్ఞాపకశక్తి నేను ఎంచుకున్న విషయం.

"తెలుగులో రాసింది నేనే కదా మేడమ్," అన్నాను. "ఒక్కో వాక్యానికి అరగంట పట్టింది."

"పట్టే ఉంటుంది. అయితే మీ ఇంటి బియ్యం పక్కింటావిడ రుబ్బి దోసెలు పోస్తే, బియ్యం ఆమెవి అయిపోతాయా? పుస్తకం రాసినాయన చేసిన ప్రయోగం, ఆయన తేల్చిన విషయం. మీరు భాష మార్చారు. అంతే. వాక్యం చివర బ్రాకెట్లో ఆయన ఇంటిపేరు, కామా, పుస్తకం అచ్చయిన సంవత్సరం ఉండాలి. ఇక్కడ లేదు. ఇక్కడ లేదు. ఇదిగో, ఈ పేజీ మొత్తానికి ఒక్కటీ లేదు. చదివేవాళ్ళు ఇదంతా మీరు కనుక్కున్నారని అనుకుంటారు."

ఏడాది మొదట్లో మేడమ్ నాలుగు సైక్లోస్టైల్ కాగితాలు పంచారు. ఏ మాట ఎవరి దగ్గర తీసుకున్నామో చూపించడానికి అమెరికా సైకాలజీ సంఘం వాళ్ళు పెట్టిన ఏపీఏ పద్ధతి అంటే ఏమిటో అందులో ఉంది. అసలు పుస్తకం విభాగంలో ఒక్కటే ఉండేది, అద్దాల బీరువాలో, తాళం వేసి. ఆ కాగితాలను నేను కంఠతా పట్టాను. పట్టానే గాని, ఏపీఏ అంటే చివరి పేజీలో ఉండే జాబితా అనుకున్నాను. ఆ జాబితాను ముగ్గులా వేశాను. ఇంటిపేర్లు అక్షర క్రమంలో, పుస్తకాల పేర్ల కింద స్కేలు పెట్టి గీత, ఒక పుస్తకం వివరం రెండో వరుసకు వస్తే ఆ వరుస కొంచెం లోపలికి జరిపి. పంతొమ్మిది పుస్తకాలు.

మేడమ్ ఆ పేజీ తిప్పారు. "ఇందులో మీరు చదివినవి ఎన్ని?"

"ఐదు మేడమ్."

"మిగతా పద్నాలుగు?"

"ఆ ఐదింటి వెనకాల ఉన్నాయి."

ఆమె నవ్వు ఆపుకోవడం కనిపించింది. "వెనకాల ఉన్నవి వాళ్ళు చదివినవమ్మా. మీరు కాదు. ఒకాయన చెప్పింది ఇంకొకాయన పుస్తకంలో చదివితే, ఫలానావారు చెప్పినట్టు ఫలానా పుస్తకంలో ఉంది అని లోపల రాయాలి. జాబితాలో మీ చేతిలోకి వచ్చిన పుస్తకం మాత్రమే ఎక్కాలి. చూడనిది చూసినట్టు ఎట్లా రాస్తారు?"

అప్పుడు తొమ్మిదో పేజీ తీశారు. అక్కడ ఒకే ఒక వాక్యం పక్కన జంట గీతలు. పక్కన చిన్న అక్షరాలతో ఇలా ఉంది: చాలా బాగుంది. ఎవరిది?

ఆ వాక్యం ఇది. 'అక్షరాలు రాని పెద్దవాళ్ళకు తప్పు చేస్తామన్న భయం ఉంటుంది. అంతకంటే, తప్పు చేస్తూ చిన్నపిల్లల కంట పడతామన్న భయం ఎక్కువగా ఉంటుంది.'

"ఇది నాదే మేడమ్," అన్నాను. అన్న తర్వాత నా గొంతు నాకే నమ్మకంగా వినిపించలేదు.

"మీదైతే మంచిదే. ఆధారం చూపించండి. మీరు కావాలని చేశారని నేను అనడం లేదు. కానీ కాగితానికి అది తెలియదు కదా. పది రోజులు ఇస్తాను. ప్రతి గీతకూ సమాధానం కావాలి. లేకపోతే హెడ్‌గారికి రాసి పంపాల్సి వస్తుంది. అప్పుడు నా చేతిలో ఏమీ ఉండదు."

నేను అక్షరాలు నేర్చుకున్నది ఇరవై నాలుగో ఏట. చిత్తూరు పక్క ఒక పల్లెలో బాలవాడీలో ఆయాగా ఉండేదాన్ని. సాయంత్రం పూట అదే గదిలో వయోజన కేంద్రం నడిచేది. మా టీచరు బోర్డు మీద రాసేవారు, మేము పలక మీద దించేవాళ్ళం. వంకర లేకుండా, తప్పు లేకుండా దించినవాళ్ళ పలకను పైకెత్తి అందరికీ చూపేవారు. పైకెత్తిన పలక చాలాసార్లు నాదే. ఆ తర్వాత ప్రైవేటుగా పదో తరగతి, ఇంటరు, ఉత్తరాల ద్వారా బి.ఏ. అన్నీ దించే పద్ధతిలోనే గట్టెక్కాను. కళ్ళతో చదివితే నాకు ఎక్కదు. చేత్తో రాస్తేనే చదివినట్టు. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు రాయడం అంటే పుస్తకానికి మర్యాద ఇవ్వడం అనే అనుకున్నాను. ఒక మాట మార్చితే తప్పు చేసినట్టు ఉండేది. అదే పనికి ఈ చోట ఇంకో పేరు ఉందని నాకెవరూ చెప్పలేదు. చెప్పారు, నాలుగు కాగితాల మీద. నేను వాటిని కూడా దించుకున్నాను.

క్లాసులో ఈ సంగతి ఎవరికీ తెలియదు. పెళ్ళయి చదువు మానేసి మళ్ళీ మొదలుపెట్టిందని వాళ్ళకు వాళ్ళే అనుకున్నారు. నేను కాదనలేదు. చదువు మధ్యలో ఆగినవాళ్ళు వేరు, మొదలే కానివాళ్ళు వేరు. ఆ రెండింటి మధ్య దూరం నాకు బాగా తెలుసు. అప్లికేషన్‌లో చదివిన బడుల వివరాలు రాయవలసిన చోట్లు ఖాళీగా వదిలి, ప్రైవేటు అని మాత్రమే రాశాను.

హాస్టలు గదిలో నా పక్క మంచం అమ్మాయిది కుప్పం వైపు. మాట్లాడితే సగం తమిళం కలిసేది. నన్ను అక్కా అని పిలిచేది. ఆ సాయంత్రం నేను నోట్సు పుస్తకాలు మూడూ నేల మీద పరిచి కూర్చుంటే, తల దువ్వుకుంటూ వచ్చి చూసింది.

"ఏమక్కా, కొట్టు పెట్టినావా?"

"ఇందులో ఏ మాట ఏ పుస్తకంలోదో కనుక్కోవాల."

"పేరు రాసుకోలేదా?"

"మొదటి పేజీలో రాసుకున్నా. తరవాత పుస్తకం మారింది. మారినట్టు రాసుకోలేదు."

ఆమె ఒక పుస్తకం తీసి నాలుగు పేజీలు తిప్పింది. ఒకటే సిరా, ఒకటే చేతిరాత, ఒకటే వరస. ఎక్కడ ఒకరు ఆగి ఇంకొకరు మొదలయ్యారో చెప్పే గుర్తు లేదు. నడుమ నడుమ నా తలలోకి వచ్చిన మాటలు కూడా అదే వరసలో రాసుకున్నాను. కాగితం వృథా కాకూడదని గీత కూడా వదలలేదు.

"సూడక్కా, ఇంత అవస్త ఎందుకు? పేరాకొక బ్రాకెట్టు పెట్టేయ్. పెద్ద పెద్ద పేర్లు నాలుగు ఉండాయి కదా, మార్చి మార్చి పెట్టు. మేడమ్ కూర్చోని ఒక్కొక్కటీ ఎతుకుతుందా?"

"నువ్వట్లే చేసినావా?"

"నేనా? నాది సీనియరక్క ఇచ్చింది. బ్రాకెట్లతో సహా ఇచ్చింది. నేను పైన పేరు మార్చినా, అంతే." నవ్వింది. "నాకు సంతకం పెట్టేసినారు. నువ్వు ఒళ్ళు దాచుకోకుండా రాసి దొరికిపోయినావు. బలే ఉండాదిలే న్యాయం."

నాకు నవ్వు రాలేదు. ఆమె చెప్పిన దారి చాలా దగ్గరగా ఉంది. ఒక పూట పని. పెన్ను తీసి ఒక పేరా చివర బ్రాకెట్టు కూడా తెరిచాను. లోపల రాయడానికి ఒక ఇంటిపేరు మనసులో సిద్ధంగా ఉంది. అప్పుడు తట్టింది, ఇప్పటిదాకా తెలియక చేశాను. ఈ బ్రాకెట్టు మూస్తే తెలిసి చేసినట్టు. తెరిచిన బ్రాకెట్టును కొట్టివేశాను. నా కాగితం మీద అదే మొదటి కొట్టివేత.

మర్నాటి నుంచి లైబ్రరీ. నాకు కావలసినవి రెఫరెన్సు పుస్తకాలు, బయటికి ఇవ్వరు. పొద్దున తలుపు తీసేసరికి గుమ్మం దగ్గర ఉండేదాన్ని. మార్చి ఎండ. పైన ఫ్యాను ఉంది గాని అది తిరుగుతున్నట్టు చప్పుడు మాత్రమే చేసేది. నాది కిటికీ పక్క బల్ల. బయట కొండ కనిపించేది. నేను వెనక్కి నడుస్తున్నట్టు ఉండేది. నా తెలుగు వాక్యాన్ని తీసుకుని, ఇది ఇంగ్లీషులో ఎలా ఉండి ఉంటుందో ఊహించి, ఆ ఇంగ్లీషు కోసం పేజీలు తిప్పడం. నిఘంటువు చూసి ఏ మాటను ఏ మాటగా మార్చానో నాకే గుర్తు లేదు. ఒక్కోసారి ఒక పేరా కోసం మూడు పుస్తకాలు, సగం రోజు.

దొరికినప్పుడు సంతోషం ఉండాలి కదా. ఉండేది కాదు. దొరికిన ప్రతిసారీ నా అసైన్‌మెంటులో నాది కానిది ఇంకొంచెం పెరిగేది. ఇది నా మాటేలే అని ఊరుకున్న ఒక పేరా, రెండో రోజు మధ్యాహ్నం ఒక పుస్తకం నూట ముప్పయ్యో పేజీ దగ్గర అచ్చంగా నా వరసలోనే ఎదురుపడింది. రెండు మాటలు అటూ ఇటూ చేశాను, అంతే. సొంత మాటల్లో చెప్పడమంటే మాటలు జరపడం కాదని, పుస్తకం మూసి, అర్థమైందాన్ని మళ్ళీ మొదటి నుంచి చెప్పుకోవడమని, అలా చెప్పినా బ్రాకెట్టు మాత్రం తప్పదని ఆ బల్ల దగ్గరే నేర్చుకున్నాను. పుస్తకం మూస్తే నా దగ్గర ఏమీ మిగలదేమోనని భయం. మొదటిసారి మూసినప్పుడు నిజంగానే ఏమీ మిగల్లేదు. మళ్ళీ తెరిచి, చదివి, మూశాను. నాలుగోసారికి రెండు వాక్యాలు వచ్చాయి. వాటికి అందం లేదు.

అప్పటి నుంచి కొత్త నోట్సు పెట్టాను. ఎడమ పేజీలో పుస్తకంలోది, పేరు, సంవత్సరం, పేజీ అంకెతో. ఉన్నది ఉన్నట్టు ఇంగ్లీషులో దించితే కొటేషన్ గుర్తుల మధ్య. కుడి పేజీలో నాది. కుడి పేజీలు చాలావరకు తెల్లగా ఉండేవి.

ఒకసారి మధ్యలో మేడమ్‌ను అడిగి వచ్చాను. "తెలుగు చేసినవాటికి కొటేషన్ గుర్తులు పెట్టాలా మేడమ్?"

"వద్దు. అది ఆయన భావం, మాటలు మీవి. పేరూ సంవత్సరం చాలు. పేజీ కూడా మీ దగ్గర రాసి పెట్టుకోండి, నేను అడుగుతాను. ఇంగ్లీషు వాక్యం ఉన్నదున్నట్టు దించితే మాత్రం కొటేషన్, పేజీ నంబరు రెండూ ఉండాలి. నలభై మాటలకు మించితే విడిగా, కొంచెం లోపలికి జరిపి రాయాలి. అప్పుడు గుర్తులు అక్కర్లేదు."

గదికి వచ్చి చెబితే పక్క మంచం అమ్మాయి అంది, "మా అమ్మ తిట్టు మొదలుపెడితే నలభై మాటలు దాటుతాది. అప్పుడు గోడకు జరిగి నిలబడాల్నేమో."

ఏడో రోజుకు గీతలన్నిటికీ సమాధానం దొరికింది, తొమ్మిదో పేజీలోని జంట గీతలకు తప్ప. ఆ వాక్యం నోట్సులో ఒక పేజీ నట్టనడుమ ఉంది. దాని పైనున్న నాలుగు వాక్యాలూ, కిందున్న మూడూ ఒకే పుస్తకంలోవని మిగతా పేజీలను బట్టి తెలుస్తోంది. ఆ ఒక్క పుస్తకమే లైబ్రరీ బీరువాలో లేదు. కౌంటరు దగ్గర కూర్చునే ఆయన రిజిస్టరు చూసి చెప్పాడు.

"బైండింగుకు పోయిందమ్మా."

"ఎప్పుడొస్తుంది సార్?"

"నెలో, రెండు నెలలో. వచ్చినప్పుడు వస్తాది."

"నాకు మూడు రోజులే ఉన్నాయి సార్."

"బుక్కుకు ఆ సంగతి తెలీదు కదమ్మా," అన్నాడు. నా ముఖం చూసి ఒక చిన్న కాగితం మీద బైండరు ఉండే సందు ఎటు పోవాలో గీసిచ్చాడు.

బస్సు నిండా గుండు గీయించుకుని కొండ దిగి వచ్చినవాళ్ళు. ఒళ్ళంతా చందనం వాసన. నిలబడే ప్రయాణం చేశాను. అందరి ముఖాలూ ఏదో తీర్చుకుని తేలికపడినట్టు ఉన్నాయి. నేను మాత్రం దారి పొడుగునా అదే వాక్యాన్ని లోపల తిప్పుకుంటున్నాను. నాదా? పుస్తకందా? నాదే అయితే నేను ఎక్కడ కూర్చుని అనుకున్నాను? ఎప్పుడు? ఒక మాట మనదని ఎలా తెలుస్తుంది?

బైండరు వయసు మళ్ళిన మనిషి. సందులో ఒక గది, గుమ్మం దాకా మైదా జిగురు వాసన. విషయం చెబితే విసుక్కున్నాడు.

"యూనివర్సిటీ బుక్కులా? అద్దో, ఆ మూలన ఉండాయి. అయినా కుట్లు ఇప్పేసినానమ్మా. ఇప్పుడు అది బుక్కు కాదు, కాగితాలు."

"కాగితాలే చూసుకుంటానన్నా. ఎక్కడివి అక్కడే పెడతాను."

"వరస తప్పినావంటే నా నోట్లో మన్ను పడినట్టే. సూసుకో." గోనె సంచి ఒకటి నేల మీద పరిచాడు. "ఏం, పరీచ్చకా ఇంత పాట్లు?"

"ఊఁ. ఒక వాక్యం కోసం."

"ఒక్క వాక్యానికా?" అని నన్ను ఎగాదిగా చూసి మళ్ళీ దారానికి మైనం పూసుకోవడంలో పడ్డాడు.

అట్ట లేని పుస్తకాన్ని నేను అంతకు ముందు చూడలేదు. పదహారేసి పేజీల మడతలు విడివిడిగా దొంతర పేర్చి ఉన్నాయి, వెన్ను దగ్గర పాత జిగురు గట్టిపడి. ఒక్కో మడత తీసి, చూసి, బోర్లించి పక్కన పెడుతూ పోయాను. ఎనిమిదో మడతలో నా పేరాలు కనిపించాయి. పైన నాలుగు వాక్యాలూ ఉన్నాయి. తర్వాత నా వాక్యం ఉండవలసిన చోట, పెద్దవాళ్ళకు నేర్చుకునేటప్పుడు తప్పు చేస్తామన్న భయం పట్టుకుంటుందని ఉంది. పుస్తకందే. మళ్ళీ చదివాను. చిన్నపిల్లల మాట లేదు. పై పేజీ, కింది పేజీ, ఆ మడత మొత్తం, ముందు మడత, వెనక మడత చూశాను. ఎక్కడా పిల్లల మాట లేదు.

సగం ఆయనది. సగం నాది. నా వాక్యానికి నడుమ ఒక అతుకు ఉంది, అతికినదాన్ని నేనే, నాకే తెలియకుండా.

ఆ గోనె సంచి మీద కూర్చునే ఉన్నాను, ఆ రెండో సగం ఎక్కడి నుంచి వచ్చిందో అప్పుడు గుర్తుకొచ్చింది. బాలవాడీలో ఐదేళ్ళ పాప ఒకతి బొమ్మల అట్టముక్క ఒకటి నా ముఖం ముందు పట్టుకుని, "ఆయమ్మా, ఈ అచ్చరం ఏంది?" అని అడిగింది. నాకు తెలియదు. ఆ పాపకు తెలుసు. నాకు తెలుసో లేదో చూడ్డానికే అడిగిందని దాని కళ్ళు చెబుతున్నాయి. పొయ్యి మీద ఉప్మా మాడుతోందని అబద్ధం చెప్పి వంటగదిలోకి పోయి, తలుపు చాటున నిలబడ్డాను. ఆ సాయంత్రమే వయోజన కేంద్రంలో పేరు రాయించుకున్నాను.

వరస తప్పకుండా మడతలన్నీ పేర్చి, పేజీ అంకె రాసుకుని, బైండరుకు చెప్పి వచ్చేశాను. ఇక వెతకడానికి ఏమీ లేదు. దారి మాత్రం మూసుకుపోయినట్టే ఉంది. మొదటి సగానికి బ్రాకెట్టు పెట్టవచ్చు. రెండో సగానికి? వాక్యం మొత్తం పుస్తకం మీద తోసేస్తే, ఆ రచయిత చెప్పనిది చెప్పాడని రాసినట్టు. అదీ అబద్ధమే. తీసేస్తే, నేను రాసిన ఇరవై రెండు పేజీలలో నాదని తేలిన ఒకే ఒక మాట పోతుంది. ఉంచితే, ఇది నీకెలా తెలుసు అంటారు. ఎలా తెలుసో చెప్పాలంటే వంటగది తలుపు చాటు నుంచి బయటికి రావాలి. అదీ క్లాసు ముందు, గట్టిగా చదువుతూ.

గదిలో పక్క మంచం అమ్మాయి అడిగింది, "దొరికిందా అక్కా?"

"దొరికింది."

"పుస్తకంలోదేనా?"

"ఊఁ," అన్నాను. అంత తిరిగి వచ్చి, ఆ మాట ఒక్కటి సులువుగా దాటేశాను.

ఆ రెండు రోజులూ మిగతాదంతా తిరగరాశాను. పంతొమ్మిది పుస్తకాల జాబితా ఐదుకు దిగింది. ముగ్గు చెరిపేసినట్టయింది. తొమ్మిదో పేజీ దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయేదాన్ని. ఆ వాక్యం తీసి ఒకసారి, ఉంచి ఒకసారి, రెండు పేజీలు విడివిడిగా రాసి పెట్టుకున్నాను. పదో రోజు రెండూ చేత్తో పట్టుకునే మేడమ్ గదికి వెళ్ళాను.

ఆమె ఒక్కో బ్రాకెట్టు దగ్గర ఆగి పేజీ అడిగారు. నా నోట్సు చూసి చెప్పాను. రెండు చోట్ల పుస్తకం తెప్పించి చూశారు కూడా. తొమ్మిదో పేజీ దగ్గర నేను రెండు కాగితాలూ బల్ల మీద పెట్టాను.

"మొదటి సగం పుస్తకంలోది మేడమ్. రెండో సగం నాది."

"మీది అంటే? ఎవరినైనా అడిగారా? ఎంతమందిని చూశారు?"

"ఒక్కరినే."

"ఎవరిని?"

చెప్పాను. పాప, అట్టముక్క, ఉప్మా, ఇరవై నాలుగేళ్ళు. నిలబడే చెప్పాను. ఆమె చేతిలో పెన్సిలు కదలలేదు. అయ్యో అనలేదు, మెచ్చుకోనూ లేదు. అందుకు ఇవాళ్టికీ ఆమెకు రుణపడి ఉన్నాను.

"ఒక్కరికి జరిగినదాన్ని పెద్దవాళ్ళందరికీ ఉంటుందని రాయకూడదు," అన్నారు చివరికి. "వాక్యాన్ని రెండు చేయండి. మొదటిదానికి బ్రాకెట్టు. రెండోది మీ అనుభవమని చెప్పి, నేను అని రాయండి. అప్పుడు దానికి ఎవరి పేరూ అక్కర్లేదు. రాయడం ఇష్టం లేకపోతే తీసేయండి, అసైన్‌మెంటుకు లోటు లేదు. తీసేసిన పేజీ మీద అయినా సంతకం పెడతాను."

ఆమె నాకు తప్పించుకునే దారి తెరిచి పెట్టారు. ఇన్ని రోజులూ సంతకం కోసమే తిరిగాను. ఇప్పుడు సంతకం రెండు కాగితాల్లో దేని మీదైనా దొరుకుతుంది. ఎవరూ బలవంతం చేయడం లేదు. మీ పెన్ను ఒకసారి ఇవ్వండి అని అడిగి, ఆమె బల్ల అంచున వంగి, వాక్యాన్ని అతుకు దగ్గర కోశాను. రెండో సగం ఇలా అయింది: 'నాకు ఇరవై నాలుగేళ్ళు వచ్చేవరకు అక్షరాలు రావు. తప్పు చేస్తానన్న భయం కంటే, తప్పు చేస్తూ బాలవాడీ పిల్లల కంట పడతానన్న భయం నాకు ఎక్కువగా ఉండేది.' ముందున్న వాక్యమే బాగుండేది. ఇది కుంటుతోంది. ఆమె చదివి సంతకం పెట్టారు.

క్లాసు ముందు చదవాల్సిన సెమినారు శుక్రవారం. పన్నెండు మంది, కిటికీలు తెరిచి ఉన్నా ఉక్క. నేను కాగితం ముఖానికి దగ్గరగా పట్టుకుని చదివాను. పేర్లు, సంవత్సరాలు, మళ్ళీ పేర్లు. ఎనిమిదో పేజీ దాటేటప్పుడు పేజీ ఒకటి తప్పించేద్దామా అనిపించింది. ఎవరికీ తెలియదు. తిప్పాను. చదివాను. ఆగకుండా కిందికి వెళ్ళిపోయాను. తలెత్తి చూస్తే కొందరు వినడమే లేదు, ఒకతను కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

చివర ప్రశ్నలు అడగాలి. అడిగినవాళ్ళకూ మార్కులు ఉండేవి. పక్క మంచం అమ్మాయి లేచింది. ఆమె ముఖంలో ఎప్పటి నవ్వు లేదు.

"తొమ్మిదో పేజీలో ఒక మాటకు బ్రాకెట్టు లేదు. పుస్తకంలోదే అన్నావు కదక్కా?"

"కాదు. నాదే. నీకు అబద్ధం చెప్పినా."

ఆ పాప, అట్టముక్క, వంటగది తలుపు చాటు, అన్నీ వాళ్ళ ముందే చెప్పాను. కిటికీ వైపు చూస్తున్న అతను ఇటు తిరిగాడు. రెండు సంవత్సరాలు వాళ్ళ మధ్య ఎలా కూర్చున్నానో, ఇక అలా కూర్చోలేనని నాకు తెలిసింది. కాగితాలు బల్ల మీద పెట్టాను.

ఆమె నోట్సు తీసింది. "నా అసైన్‌మెంటు మళ్ళీ రాస్తానక్కా," అంది మెల్లగా. "సీనియరక్కది కాదు, నాదే రాస్తా. నువ్వు చెప్పిన ఆ పాప సంగతి అందులో పెట్టుకోవచ్చునా?"

నేను జవాబు చెప్పేలోపు మేడమ్ అందుకున్నారు. "పెట్టుకోవచ్చు, ఆమె ఒప్పుకుంటే. నేను సంతకం పెట్టిన ఆ పాతది మాత్రం ముందు తెచ్చి ఇచ్చెయ్యి. నోటితో చెప్పినదాన్ని వాడుకుంటే, చెప్పినవారి పేరు, చెప్పిన తేదీ అక్కడే బ్రాకెట్లో రాయాలి. చివరి జాబితాలో ఎక్కదు. పేరు లేకుండా వాడావంటే మాత్రం నీ కాగితం వెనక్కి వస్తుంది."

"ఒప్పుకుంటావా అక్కా?"

నేను ఊఁ అన్నాను. ఆమె పెన్ను మూత పళ్ళతో తీసి, ఎడమ పేజీ మీద ఆ రోజు తేదీ వేసింది. తర్వాత నా పేరు రాసి, దాని ముందు కొంచెం చోటు వదిలి తలెత్తింది.

"మీ ఇంటిపేరు ఏమక్కా? ఇన్నాళ్ళు ఒకే గదిలో ఉండి అడగనే లేదు."

చెప్పాను. సరిగా రాసిందో లేదో వంగి చూశాను.